గేదె పాల మోజారెల్లా సాగకుండా తెగిపోతుంటే ముందు పులుపు చూడండి

ప్రశ్న: "ఇంట్లో మోజారెల్లా చేద్దామని 4 లీటర్ల చిక్కటి గేదె పాలు తీసుకున్నాను. యూట్యూబ్‌లో ఒక అమెరికా ఆవిడ చెప్పినట్టే ఒకటిన్నర టీస్పూన్ల సిట్రిక్ యాసిడ్, తర్వాత రెన్నెట్ వేశాను. పాలు చక్కగా గడ్డకట్టాయి. కానీ వేడి నీళ్లలో వేసి లాగితే సాగట్లేదు, పటుక్కున తెగిపోతోంది. నీళ్లు ఇంకా వేడి చేశాను, ఎంత పిసికినా అంతే. రెన్నెట్ పాతదైపోయిందా? ఇంకాస్త వేయాలా?"

రెన్నెట్ బాగానే ఉందండి. గడ్డ చక్కగా కట్టిందంటే దాని పని అది చేసేసింది, ఇంకాస్త వేసినా గడ్డ గట్టిపడుతుందే తప్ప సాగదు. మీకు తక్కువైంది పులుపు. ఒకటిన్నర టీస్పూన్లు అంటే దాదాపు 7 గ్రాములు. ఆ కొలత ఆవు పాలకి సరిపోతుంది, గేదె పాలకి చాలదు. ఈసారి అదే 4 లీటర్లకి 10 గ్రాముల దాకా సిద్ధంగా పెట్టుకోండి. పాలు చల్లగా ఉండగానే కలిపి, రెన్నెట్ వేయకముందే పాల పీహెచ్ 5.6, 5.7 మధ్యకి వచ్చిందని చూసుకోండి. పీహెచ్ అంటే పులుపుని కొలిచే అంకె, పులుపు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. అక్కడికి వస్తే సాగుతుంది. రాకపోతే మీరు ఎంత వేడి చేసినా, ఎంత పిసికినా ఉపయోగం ఉండదు.

నేను చాలాకాలం ఒక డైరీ ప్లాంటు ల్యాబులో పాలు పరీక్షించే పని చేశాను. ఇప్పుడు ఇంటి దగ్గరే చిన్న ఎత్తున చీజ్ చేసి అమ్ముతున్నాను, అదీ ఎక్కువగా గేదె పాలతోనే. మీలాగా పులుపు దగ్గర ఆగిపోయి రెన్నెట్‌ని అనుమానించేవాళ్లు నా దగ్గరికి తరచుగా వస్తుంటారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పులుపుకీ సాగడానికీ ఏమిటి సంబంధం

పాలలో ఉండే ముఖ్యమైన ప్రొటీను కేసిన్. అది విడివిడిగా తేలదు, కంటికి కనపడనంత చిన్న ఉండలుగా ఉంటుంది. ఒక్కో ఉండలో కేసిన్ పోగులన్నిటినీ కలిపి పట్టుకునేది కాల్షియం ఫాస్ఫేట్. గోడలో ఇటుకల మధ్య సిమెంటు ఎలాగో, ఇక్కడ అది అలాగ. రెన్నెట్ వేయగానే ఈ ఉండల పైపొర తెగుతుంది, ఒకదానికొకటి అతుక్కుని మొత్తం గడ్డ కడుతుంది. కానీ లోపలి సిమెంటు అలాగే ఉంటుంది. అలాంటి గడ్డని వేడి నీళ్లలో వేస్తే మెత్తబడుతుంది గానీ, పోగులు ఒకదాని మీదుగా ఒకటి జారలేవు. మీరు లాగినప్పుడు జారాల్సింది పోయి తెగుతుంది. మీకు జరిగింది సరిగ్గా ఇదే.

పులుపు చేసే పని ఈ సిమెంటుని కొంచెం కొంచెంగా కరిగించడం. పాల పీహెచ్ తగ్గేకొద్దీ కాల్షియం ఫాస్ఫేట్ కరిగి విరుగుడు నీళ్లలోకి వెళ్లిపోతుంది. కొంత పోయాక ఒక దశ వస్తుంది. అప్పుడు పోగులు ఇంకా ఒకదాన్ని ఒకటి పట్టుకునే ఉంటాయి, కానీ వేడి తగిలితే జారగలవు. లాగినకొద్దీ అన్నీ ఒకే దిక్కుకి వరసగా సర్దుకుంటాయి. మోజారెల్లాని చీలిస్తే పీచులు పీచులుగా వస్తుందే, అది ఈ వరసే.

పులుపు ఇంకా పెరిగితే మళ్లీ పాడవుతుంది. పీహెచ్ 5.0 దాటి కిందకి పోతే ఆ కాస్త పట్టు కూడా పోయి, వేడి నీళ్లలో గడ్డ విడిపోతుంది. మన పెరుగు పీహెచ్ 4.5 ప్రాంతంలో ఉంటుంది, అందులో ఈ కాల్షియం ఫాస్ఫేట్ అంతా కరిగిపోయి ఉంటుంది. పెరుగుని మూట కట్టి ఎంత గట్టిగా పిండినా, వేడి నీళ్లలో వేస్తే సాగకపోవడానికి కారణం అదే. తాజా పాలు 6.7 దగ్గర ఉంటాయి. అంటే పాలకీ పెరుగుకీ మధ్య ఉన్న దారిలో ఒక చిన్న ముక్కలో మాత్రమే సాగే గుణం ఉంటుంది. మన పని అక్కడ ఆపడం.

5.6 దగ్గరా, 5.2 దగ్గరా?

ఇంటర్నెట్‌లో ఒకచోట 5.2 అని, ఇంకోచోట 5.6 అని ఉంటుంది. చదివినవాళ్లకి టెన్షన్. రెండూ నిజమే, కాకపోతే అవి రెండు వేర్వేరు పద్ధతులవి.

సిట్రిక్ యాసిడ్ పద్ధతిలో పాలు ఇంకా పాలుగా ఉండగానే పులుపు పడుతుంది. కరిగిన కాల్షియం పాలలో కలిసిపోయి, తర్వాత విరుగుడు నీళ్లతో సులువుగా బయటికి పోతుంది. దానికి తోడు సిట్రిక్ యాసిడ్‌కి కాల్షియంని పట్టుకునే గుణం కూడా ఉంది. అందుకే 5.6, 5.7 దగ్గరే కావాల్సినంత కాల్షియం పోయి ఉంటుంది.

తోడు వేసి చేసే పద్ధతిలో వరస తిరగబడుతుంది. ముందు రెన్నెట్‌తో గడ్డ కడుతుంది, తర్వాత గంటలపాటు బ్యాక్టీరియా పులుపు పుట్టిస్తుంది. అప్పటికే గడ్డ ముడుచుకుని ఉంటుంది కాబట్టి కాల్షియం చాలావరకు లోపలే ఉండిపోతుంది. దాని పట్టు వదిలించడానికి ఇంకా కిందకి, 5.2, 5.3 దాకా దిగాలి. ఇటలీలో నేపుల్స్ చుట్టుపక్కల, కంపానియా ప్రాంతంలో చేసే అసలు గేదె పాల మోజారెల్లా ఈ పద్ధతిదే. అక్కడ ముందురోజు విరుగుడునే తోడుగా వాడతారు, కోసిన గడ్డని దానినుంచి ఊరిన విరుగుడు కిందే గంటల తరబడి ఉంచి పులియనిస్తారు. మధ్యమధ్యలో చిన్న ముక్క తీసి వేడి నీళ్లలో సాగదీసి చూస్తారు, సాగిన నిమిషాన గడ్డని బయటికి తీస్తారు.

మీరు చేసింది మొదటి పద్ధతి. కాబట్టి మీ గుర్తు 5.6. ఎవరో చెప్పారని సిట్రిక్ యాసిడ్‌తో 5.2 దాకా దించకండి, గడ్డ కట్టడమే సరిగ్గా కట్టక నూక నూకగా వస్తుంది.

గేదె పాలకి ఎందుకు ఎక్కువ కావాలి

గేదె పాలలో కేసిన్ ఎక్కువ. కాల్షియం ఆవు పాలకంటే ఇంచుమించు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. మీరు వేసిన పులుపుని ముందు ఈ కేసిన్, ఫాస్ఫేట్ కలిసి మింగేస్తాయి, ఆ తర్వాతే పీహెచ్ దిగడం మొదలవుతుంది. అందుకే 7 గ్రాములతో ఆవు పాలు 5.6 దగ్గరికి వస్తే, చిక్కటి గేదె పాలు 5.9 ప్రాంతంలోనే ఆగిపోతాయి. ఆ పీహెచ్ దగ్గర రెన్నెట్ హాయిగా పనిచేస్తుంది, గడ్డ చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది. అందుకే మీకు అనుమానం రాలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పాల కేంద్రాల్లో 'ఎసిడిటీ శాతం' అని చూస్తారు. అది పీహెచ్ లాంటిది కాదు. తాజా గేదె పాలకి ఆ శాతం ఆవు పాలకంటే కాస్త ఎక్కువే వస్తుంది, అవి పుల్లబడినందుకు కాదు, వాటిలో ప్రొటీను ఎక్కువున్నందుకు. కాబట్టి 'మా పాల ఎసిడిటీ ఎక్కువే, సిట్రిక్ తక్కువ వేస్తే చాలు' అని ఎవరైనా అంటే నమ్మకండి. మనకి కావాల్సింది పీహెచ్.

మీ 4 లీటర్లతో మళ్లీ చేద్దాం

పాడిరైతు దగ్గరి పచ్చి పాలైతే ముందు 63 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, వెంటనే చల్లార్చండి. మనకి అలవాటు కదా అని పొంగించవద్దు. మరిగితే విరుగుడులో ఉండే ప్రొటీన్లు కేసిన్‌కి అతుక్కుంటాయి, రెన్నెట్ కోయాల్సిన చోటు మూసుకుపోతుంది. గడ్డ నీరసంగా కడుతుంది, తర్వాత సాగదు. చల్లారిన పాలని ఫ్రిజ్‌లో పెట్టి 10 డిగ్రీల లోపుకి తెండి.

సిట్రిక్ యాసిడ్‌ని, అదే మన కిరాణా కొట్టులో నిమ్మ ఉప్పు అని ఇచ్చేది, చెంచాతో కొలవకండి. పొడిగా ఉన్నది ఒక బరువు తూగుతుంది, పలుకులుగా ఉన్నది ఇంకో బరువు. చిన్న డిజిటల్ తూకం మీద 10 గ్రాములు తూచి, ఒక గ్లాసు చల్లటి నీళ్లలో కరిగించండి. అందులో ఐదింట నాలుగు వంతులు, అంటే 8 గ్రాములు ఉన్నంత నీళ్లు, సన్నటి ధారగా పాలలో పోస్తూ గట్టిగా కలపండి. పాలు చల్లగా ఉండాలన్నది ఇందుకే. గోరువెచ్చటి పాలలో పోస్తే ధార పడిన చోట మాత్రం విరిగి పలుకులు కడతాయి, మిగతా పాలకి పులుపు అందదు.

ఇప్పుడు 10 నిమిషాలు ఆగండి. ఈ ఆగడం చాలామంది చేయరు. యాసిడ్ పడగానే పీహెచ్ ఒక్కసారి కిందకి పోతుంది, తర్వాత కాల్షియం ఫాస్ఫేట్ కరుగుతూ పులుపుని తీసుకుంటుంది కాబట్టి మళ్లీ కాస్త పైకి వస్తుంది. వెంటనే పీహెచ్ మీటరు పెట్టి 'వచ్చేసింది' అనుకుంటే మోసపోతారు. 10 నిమిషాల తర్వాత ఒక చిన్న గ్లాసులో కొన్ని పాలు తీసుకుని, అవి గది వేడికి వచ్చాక పీహెచ్ చూడండి. చల్లటి పాలలో మీటరు కొంచెం ఎక్కువ చూపిస్తుంది, అందుకే ప్రతిసారీ ఒకే వేడిలో చూడడం అలవాటు చేసుకోండి. చిక్కటి గేదె పాలైతే 8 గ్రాములకి ఇంచుమించు 5.8 దగ్గర ఉంటారు. మిగిలిన నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ, కలుపుతూ, ఆగుతూ 5.6 లేదా 5.7కి తీసుకురండి. 10 గ్రాములూ పట్టవచ్చు, ఒక్కోసారి 9 దగ్గరే సరిపోవచ్చు. పశువు మేత, ఈనిన నెలలు, వెన్న శాతం, అన్నిటినీ బట్టి పాలు మారుతుంటాయి. గ్రాములు దారి చూపడానికే, ఆగేది మాత్రం పీహెచ్ చూసి.

తర్వాత సన్నటి సెగ మీద, కలుపుతూ, 32 నుంచి 34 డిగ్రీలకి తెండి. పాలు కాస్త చిక్కబడి, గిన్నె అంచుల్లో సన్న నూకలా కనపడవచ్చు, కంగారు పడకండి. సీసా మీద రాసిన కొలత ప్రకారం రెన్నెట్‌ని కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి పోయండి. కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే రెన్నెట్ బలం తగ్గుతుంది. అర నిమిషం కలిపి, ఇక గిన్నె కదపవద్దు. పుల్లటి పాలలో రెన్నెట్ చాలా చురుగ్గా పనిచేస్తుంది, 5 నుంచి 10 నిమిషాల్లో గడ్డ కడుతుంది. చాకు గుచ్చి పైకి ఎత్తితే నీటుగా చీలి, చీలికలో పచ్చటి నీరు ఊరితే కోయడానికి సిద్ధం. బొటనవేలు వెడల్పు ముక్కలుగా కోసి, 5 నిమిషాలు వదిలేసి, నెమ్మదిగా కలుపుతూ 40 డిగ్రీలకి వేడి చేయండి. ముక్కలు కొంచెం ముడుచుకుని గట్టిపడతాయి. చిల్లుల గిన్నెలో వార్చండి. చేత్తో నొక్కి పిండకండి, వెన్న పోతుంది.

సాగదీసే ముందు చేసే పరీక్ష

మీటరు ఎంత మంచిదైనా ఈ పరీక్ష మానకండి. గోళీకాయంత ముక్క తుంచి, 80 డిగ్రీల నీళ్లలో ఒక నిమిషం ఉంచండి. గరిటెతో తీసి, రెండు వేళ్లతో పట్టుకుని నెమ్మదిగా లాగండి. జానెడు దాకా తెగకుండా, పైన సన్నటి మెరుపుతో సాగితే మొత్తం గడ్డ సాగుతుంది.

సాగకపోతే ఎలా సాగలేదో బాగా గమనించండి. కారణం అక్కడే తెలుస్తుంది. ముక్క రూపం పోకుండా, రబ్బరులా బిగువుగా ఉండి, లాగితే పటుక్కున తెగి, తెగిన అంచు గరుకుగా ఉంటే పులుపు తక్కువ. ముక్క మెత్తబడి, చేతికి జిడ్డుగా అంటుకుంటూ, నలిపితే రవ్వలా రాలి, నీళ్లు తెల్లగా మారితే పులుపు ఎక్కువైంది. మీరు రాసింది మొదటి రకం, అందుకే పులుపు తక్కువని చూడకుండానే చెప్పగలిగాను.

మూడో కారణం ఒకటుంది, అది పులుపుది కాదు. నీళ్లు వేడిగానే ఉన్నా ముక్క లోపల వేడెక్కకపోతే కూడా తెగుతుంది. గడ్డ లోపలి వేడి 57 డిగ్రీలు దాటాలి. అందుకని తెగిన ముక్కని ఇంకో నిమిషం ముంచి మళ్లీ లాగి చూడండి. అప్పుడు సాగితే వేడి చాల్లేదని, అప్పటికీ తెగితే పులుపు చాల్లేదని తేలిపోతుంది.

పరీక్ష గట్టెక్కాక పని తేలిక. గడ్డని వేళ్ల వెడల్పు ముక్కలుగా కోసి, వెడల్పాటి గిన్నెలో వేసి, 80 నుంచి 85 డిగ్రీల నీళ్లు ముక్కల మీద నేరుగా కాకుండా పక్కనుంచి పోయండి. చేతికి రెండు పొరల గ్లవుజులు వేసుకోండి, నీళ్లు కాలతాయి. చెక్క గరిటెతో దగ్గరికి తోస్తే ముక్కలు ఒక్క ముద్దవుతాయి. ఆ ముద్దని పైకెత్తి దాని బరువుతోనే కిందకి సాగనిచ్చి, మడిచి, మళ్లీ ఎత్తండి. పైభాగం నునుపుగా మెరవగానే ఆపేయాలి. మైదా పిండిలా అదే పనిగా పిసికితే వెన్న అంతా నీళ్లలోకి పోయి, చీజ్ గట్టి రబ్బరవుతుంది. ఉండలు చేసి చల్లటి నీళ్లలో 10 నిమిషాలు వేస్తే ఆకారం నిలుస్తుంది.

ఇప్పుడు మీ దగ్గర ఉన్న గడ్డ సంగతి

దాన్ని మోజారెల్లాగా మార్చడం కష్టమండి. పుల్లటి వేడి నీళ్లలో నానబెట్టమని కొందరు చెబుతారు. పైపైన సాగుతుంది గానీ, కట్టిన గడ్డ లోపలిదాకా పులుపు సమంగా దిగదు. మీరు తోడు వేయలేదు కాబట్టి ఆగితే పులుస్తుందన్న ఆశా లేదు. ఉప్పు చల్లి, బరువు పెట్టి నొక్కి ముక్కలు కోసుకోండి, కూరలోకి పనీర్‌లాగా బాగానే ఉంటుంది.

తోడు పద్ధతిలో అయితే ఇదే తప్పుని సులువుగా సరిచేసుకోవచ్చు. గడ్డని 38, 40 డిగ్రీల విరుగుడులో ఇంకో అరగంట ఉంచి మళ్లీ పరీక్షించండి. బ్యాక్టీరియా ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. రాత్రి పొద్దుపోతే గడ్డని ఫ్రిజ్‌లో పెట్టేయవచ్చు, పులియడం నెమ్మదిస్తుంది, తెల్లారేసరికి చాలావరకు పరీక్షకి వచ్చేస్తుంది. కాకపోతే ఈ పద్ధతిలో పీహెచ్ వార్చిన నీళ్లలో కాకుండా గడ్డలోనే చూడాలి. బ్యాక్టీరియా ఎక్కువగా గడ్డలోనే చిక్కుకుని ఉంటుంది కాబట్టి, గడ్డ విరుగుడుకంటే ముందే పుల్లబడుతుంది. మీటరు మొనని గడ్డలోకి గుచ్చితేనే అసలు సంగతి తెలుస్తుంది. తోడుకి ఇంటి పెరుగు వేసేవాళ్లున్నారు. ఇంటి పెరుగులో ఏ బ్యాక్టీరియా ఎంత ఉందో ఇంటికో రకం, ఒకరోజు 3 గంటల్లో వస్తే ఇంకోరోజు 6 గంటలైనా రాదు. విడిగా అమ్మే థర్మోఫిలిక్ కల్చర్, అంటే వేడిలో బాగా పెరిగే బ్యాక్టీరియా తోడు, వాడితే ఆ అనుమానం ఉండదు.

కొలతలన్నీ సరిగ్గా ఉన్నా సాగకపోతే పాలనే అనుమానించండి

రెండు సంగతులు చెబుతాను. ఒక ఎండాకాలం మా దగ్గర రోజూ వాడే కొలతకే గడ్డ సాగడం మానేసింది. పదార్థాలన్నీ అవే, మనుషులూ వాళ్లే. ఇంకా సిట్రిక్ వేయని పాలలో మీటరు పెడితే 7 దాటి చూపించింది. తాజా పాలు అంత ఉండవు. దారిలో విరిగిపోకుండా ఎవరో పాలలో సోడా కలిపారు. రోజోలిక్ యాసిడ్ వేసి చూస్తే పాలు గులాబీ ఎరుపుకి తిరిగాయి, అనుమానం తీరింది. మనం వేసే సిట్రిక్ యాసిడ్‌లో కొంత ఆ సోడాని విరవడానికే పోతుంది, మిగిలింది పాలకి చాలదు. అలాంటి పాలకి యాసిడ్ పెంచి సాగదీయవచ్చేమో గానీ, నేను ఆ పాలు తీసుకోవడం మానేశాను. అప్పటినుంచి పాలు రాగానే మొదట పీహెచ్ చూస్తాను. 6.6 నుంచి 6.8 మధ్య ఉండాలి. 6.9 దాటితే సోడా అయినా కలిసుండాలి, పశువుకి పొదుగువాపు అయినా ఉండాలి. 6.5 కంటే తక్కువుంటే పాలు అప్పటికే పులవడం మొదలుపెట్టాయి, వాటికి సిట్రిక్ తక్కువ పడుతుంది.

రెండోది అమెరికాలో ఉండే మా పిన్నిగారి అమ్మాయి సంగతి. మంచి ఆర్గానిక్ పాలు కొన్నాను, కొలత తప్పలేదు, అయినా గడ్డ బదులు మెత్తటి నూకలు వచ్చాయని ఫోన్ చేసింది. డబ్బా మీద ఏం రాసుందో చదవమంటే 'అల్ట్రా పాశ్చరైజ్డ్' అని ఉంది. అంటే బాగా ఎక్కువ వేడికి గురైన పాలు, మరిగించిన పాలకి పట్టే గతే వాటికీ పడుతుంది. ఇక్కడ మన టెట్రా ప్యాక్ పాలదీ అదే కథ. మామూలుగా పాశ్చరైజ్ చేసిన పాలు వేరే దుకాణంలో దొరికాక అదే కొలతకి ఆమెకి చక్కగా వచ్చింది. ఇక్కడ ప్యాకెట్ పాలు వాడేవాళ్లు ఫుల్ క్రీమ్ తీసుకోండి. హోమోజినైజ్ చేసిన పాలైతే, అంటే మీగడ పైకి తేలకుండా వెన్నని సన్నటి బిందువులుగా చేసినవైతే, గడ్డ కొంచెం నీరసంగా కడుతుంది, పెద్ద ముక్కలుగా కోసి తక్కువ కలిపితే నెట్టుకురావచ్చు.

ఇంకో సంగతి. గడ్డ బాగా కడుతుందని కొందరు కాల్షియం క్లోరైడ్ వేయమంటారు. గేదె పాలకి అది అక్కర్లేదు. ఇంత కష్టపడి కాల్షియంని బయటికి పంపిస్తూ, ఇంకోపక్క నుంచి కాల్షియం పోయడమే అవుతుంది. పల్చటి ఆవు పాల ప్యాకెట్‌తో గడ్డే కట్టకపోతే అప్పుడు కొంచెం, అదీ తప్పదనుకుంటేనే.

మీటరు లేకపోతే?

చేయవచ్చు. 4.5 నుంచి 6.5 వరకు మాత్రమే చూపించే పీహెచ్ కాగితాలు దొరుకుతాయి. 1 నుంచి 14 దాకా చూపించే కాగితాలు మనకి పనికిరావు, 5.6కీ 6కీ తేడా వాటిలో తెలియదు. పాల తెలుపు మీద రంగు సరిగ్గా కనపడదు కాబట్టి కాగితాన్ని వార్చిన విరుగుడులో ముంచండి. సిట్రిక్ పద్ధతిలో గడ్డకీ విరుగుడుకీ పెద్ద తేడా ఉండదు. అయితే విరుగుడు వచ్చేసరికి గడ్డ కట్టేసి ఉంటుంది, అప్పుడు తెలిసింది తర్వాతిసారికే పనికొస్తుంది. అందుకని పూర్తిగా 4 లీటర్లు పెట్టేముందు ఒక్క లీటరు పాలతో, 2.5 గ్రాములతో చిన్న నమూనా చేయండి. గోళీ పరీక్షలో తెగితే తర్వాతి లీటరుకి 0.2 గ్రాములు పెంచండి, రవ్వలా రాలితే అంతే తగ్గించండి. ఒకే పాడిరైతు దగ్గర పాలు తీసుకుంటుంటే ఆ కొలత కొన్ని వారాలపాటు నిలుస్తుంది. మీటరు కొంటే దాన్ని 7.0, 4.0 ద్రావణాల్లో సరిచేసుకుంటూ, వాడిన ప్రతిసారీ మొనని శుభ్రంగా కడగండి. పాల ప్రొటీను మొన మీద ఎండిపోతే అంకెలు తప్పు చూపిస్తుంది.

నిమ్మరసం, వెనిగర్ వాడచ్చా అని కూడా అడుగుతుంటారు. వెనిగర్‌తో అవుతుంది, కాకపోతే కొలత వేరు, వాసన కొంత మిగులుతుంది. నిమ్మరసం నేను వద్దంటాను. ఒక్కో కాయ ఒక్కో పులుపు, ఇంత చిన్న హద్దులో ఆగాల్సిన పనికి అది కుదరదు.

తయారైన ఉండల్ని మామూలు నీళ్లలో నిలవ ఉంచకండి. మిగిలిన కాల్షియం కూడా నీళ్లలోకి జారి, రెండు రోజుల్లో పైపొర జిగటగా వదులైపోతుంది. వార్చిన విరుగుడులోనే కొంచెం ఉప్పు కలిపి చల్లార్చి, అందులో ముంచి ఫ్రిజ్‌లో పెట్టండి. ఆ విరుగుడులో కాల్షియం, పులుపు రెండూ ఉండలకి తగ్గట్టే ఉంటాయి కాబట్టి పైపొర గట్టిగా నిలుస్తుంది. నాలుగైదు రోజుల్లో వాడేసుకోండి.